చాప మీద పడుకుంటే టీవీ వినపడుతోందా?

కాకినాడలో అమ్మకి మెడ పట్టేసి నెల దాటింది. అదీ కుడివైపే. దిండు మార్చింది, కాపడం పెట్టింది, డాక్టరు రాసిచ్చిన ఆయింట్‌మెంట్ రాసుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతోంది. సెలవులకి వెళ్లినప్పుడు, పొద్దున్న ఆరింటికి అమ్మ టీవీ పెట్టుకుని యోగా చేస్తుంటే నేను హాల్లో ఒక మూల కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్నాను. నిలబడి చేసేవి అయ్యాయి, కూర్చుని చేసేవి అయ్యాయి. వెల్లకిలా పడుకుని సేతుబంధాసనం మొదలుపెట్టింది. మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తి, అలా ఉండగానే తల కుడివైపు తిప్పి టీవీ వంక చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

నడుము పైకి లేచి ఉన్నప్పుడు బరువు భుజాల మీదా మెడ వెనకా ఉంటుంది. అప్పుడు మెడ తిప్పకూడదని యోగా నేర్పేవాళ్లు మొదటి రోజే చెబుతారు. అమ్మకీ తెలుసు.

"అమ్మా, అలా తిప్పకూడదు కదా. ఎందుకు చూస్తున్నావు?" అన్నాను.

"చూడకపోతే ఎలాగే? ఫ్యాను మోతలో ఆవిడ మాట సగం వినపడదు. దించమందో, ఇంకా ఉండమందో తెలియాలి కదా."

అమ్మ లేచాక నేను అదే చాప మీద అలాగే పడుకున్నాను. వీడియో వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. నిజమే. గొంతు వినపడుతోంది, మాట అందడం లేదు. మాట ముగింపులో "అండి" తెలుస్తోంది కానీ అది "పీల్చండి"యో "వదలండి"యో తెలియడం లేదు. లేచి కూర్చుంటే స్పష్టంగా ఉంది. పడుకుంటే పోతోంది. మెడ నొప్పికి మూలం దిండు దగ్గర వెతుకుతున్నాం. అది టీవీ శబ్దం దగ్గర ఉంది.

టీవీ ముందు యోగా చేసేవాళ్లు ఎవరైనా మొదట బొమ్మ గురించే ఆలోచిస్తారు. ఎంత పెద్ద టీవీ, ఎంత ఎత్తులో ఉంది, ఎంత దూరంలో ఉంది అని. నిజానికి యోగా చేస్తున్నంతసేపూ మనం టీవీని ఎంత చూడగలమో ఒకసారి లెక్క వేసుకుంటే ఆలోచన మారుతుంది. అందరికీ తెలిసిన సూర్యనమస్కారాన్నే తీసుకుందాం. పన్నెండు స్థితులు. టీవీకి ఎదురుగా నిలబడి మొదలుపెట్టాం అనుకోండి. ప్రణామాసనంలో టీవీ కనిపిస్తుంది. చేతులెత్తి వెనక్కి వంగే హస్త ఉత్తానాసనంలో కనిపించేది పైకప్పు. పాదహస్తాసనంలో మోకాళ్లు. ఒక కాలు వెనక్కి పెట్టే అశ్వ సంచలనాసనంలో మళ్లీ టీవీ కనిపిస్తుంది. పర్వతాసనంలో తల రెండు చేతుల మధ్య తలకిందులుగా ఉంటుంది, కనిపించేవి మన పాదాలే. గడ్డం నేలకి ఆనే అష్టాంగ నమస్కారంలో కనుగుడ్లు పైకి తిప్పితే టీవీ స్టాండు కాళ్లు కనబడవచ్చు. భుజంగాసనంలో కనిపిస్తుంది. తర్వాత పర్వతాసనం, అశ్వ సంచలనాసనం, పాదహస్తాసనం, హస్త ఉత్తానాసనం, చివరికి ప్రణామాసనం. లెక్క తేల్చితే పన్నెండింటిలో టీవీ సరిగ్గా కనిపించేవి ఐదు. ఆరింటిలో కనిపించే అవకాశమే లేదు. ఒకటి అటూ ఇటూ.

అమ్మ చేసేది ఆయుష్ మంత్రిత్వ శాఖ వాళ్ల సామాన్య యోగా ప్రోటోకాల్. 45 నిమిషాల కార్యక్రమం. ఏటా జూన్ 21న యోగా దినోత్సవం నాడు చేయించేది, 2025లో విశాఖ సముద్రతీరాన లక్షల మంది చేత చేయించింది ఇదే. దాని వరుస చూడండి. తాడాసనం, వృక్షాసనం, త్రికోణాసనం లాంటివి నిలబడి. ఆ తర్వాత భద్రాసనం, వజ్రాసనం, వక్రాసనం కూర్చుని. తర్వాత బోర్లా పడుకుని మకరాసనం, భుజంగాసనం, శలభాసనం. తర్వాత వెల్లకిలా సేతుబంధం, పవనముక్తాసనం, శవాసనం. మన కళ్లు నాలుగున్నర అడుగుల పైన మొదలై, కూర్చున్నప్పుడు రెండున్నర అడుగులకి దిగి, పడుకున్నప్పుడు నేలకి జానెడు ఎత్తుకి చేరతాయి. టీవీ మాత్రం గోడకి కొట్టిన మేకు దగ్గరే ఉంటుంది. పైగా అరవై దాటినవాళ్లు కళ్లజోడు తీసి పక్కన పెట్టి చేస్తారు. వంగితే జారిపడుతుందని. టీవీ ఎదురుగా ఉన్నా వాళ్లకి కనిపించేది మసక రూపమే.

కాబట్టి టీవీలో యోగా అంటే నిలబడి ఉన్నప్పుడు కళ్లతోనూ, కిందికి దిగేకొద్దీ చెవులతోనూ చేసేది. అమ్మ హాల్లో మేం సర్దుబాట్లన్నీ ఆ లెక్కనే చేశాం. మొదట శబ్దంతోనే మొదలుపెట్టాం.

ఇప్పటి పలచని టీవీలకి స్పీకర్లు ముందువైపు ఉండవు. చాలావాటిలో అడుగున, కిందికి చూస్తూ ఉంటాయి. కొన్నింటిలో వెనకవైపు. శబ్దం కిందికి దిగి, టీవీ యూనిట్ పైపలకకి తగిలి, గోడలకి తగిలి మన దగ్గరికి వస్తుంది. సోఫాలో కూర్చున్నవాళ్లకి అది చాలు. నేల మీద పడుకున్నవాళ్లకి మధ్యలో టీపాయ్, టీవీ యూనిట్ అంచు అడ్డం పడతాయి. మాటలో ఉండే బరువైన ధ్వని అడ్డాలని చుట్టి వస్తుంది. చ, స, ట లాంటి అక్షరాల్లోని సన్నని ధ్వని అలా వంగి రాలేదు, అడ్డం తగిలిన చోటే ఆగిపోతుంది. మాటని మాటగా గుర్తుపట్టేది ఆ సన్నని ధ్వనితోనే. అందుకే పడుకున్నవాళ్లకి గొంతు చేరుతుంది, మాట చేరదు. దీనికి తోడు సరిగ్గా నెత్తి మీద ఫ్యాను. ఫ్యాను గాలి సర్రుమనే మోత ఆ సన్నని ధ్వనినే ముంచేస్తుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో ప్రతి మాటా కొంచెం మోగి, తర్వాతి మాట మీద పడుతుంది.

టీవీ వాల్యూమ్ పెంచితే సరిపోతుందని అందరం అనుకుంటాం. పెంచితే గొంతుతో పాటు ఆ మోత కూడా పెరుగుతుంది. పొద్దున్న ఆరింటికి పక్కింటివాళ్లు లేస్తారు. మాట మాత్రం అంతకుముందులాగే ఉంటుంది. చేయాల్సింది శబ్దాన్ని పెంచడం కాదు, దగ్గరికి తేవడం. శబ్దం పుట్టే చోటికీ చెవికీ మధ్య దూరం సగం అయితే నేరుగా చెవికి చేరే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఎనిమిది అడుగుల దూరంలో ఉన్నది రెండడుగుల దగ్గరికి వస్తే 12 డెసిబెల్స్ పెరిగినట్టు. గోడల నుంచి తిరిగి వచ్చే మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. కాబట్టి మాట విడిగా తేలుతుంది. ఇల్లంతా వినపడేలా పెట్టనక్కర్లేదు.

ఇందుకు పెద్ద సౌండ్ బార్ కొనక్కర్లేదు. అమ్మ దగ్గర పాటలు వినడానికి కొనిచ్చిన చిన్న బ్లూటూత్ స్పీకరు ఉంది. దాన్నే చాప దగ్గర పెట్టాం. పెట్టిన మొదటి రోజు అమ్మకి చిత్రమైన ఇబ్బంది వచ్చింది. స్పీకరు ఆన్ చేసింది, అది ఫోన్‌కి కలిసింది, "కనెక్ట్ అయింది" అని చప్పుడు కూడా చేసింది. ఫోన్‌లో వీడియో తెరిచి టీవీకి పంపింది. బొమ్మ టీవీలో వచ్చింది. శబ్దం కూడా టీవీలోనే వచ్చింది. స్పీకరు మౌనంగా కూర్చుంది. "ఫోన్‌కి కలిసి ఉంది కదే, మరి ఎందుకు రాదు?" అని అడిగింది. ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపడం గురించి ముఖ్యమైనదంతా తెలిసినట్టే.

ఫోన్‌లో యూట్యూబ్ తెరిస్తే పైన ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఒక డబ్బా, దాని ఎడమవైపు కింది మూలన వైఫై గీతల్లాంటి మూడు గీతలు. అది కాస్ట్ గుర్తు. దాన్ని నొక్కి టీవీ పేరు ఎంచుకుంటే ఫోన్ తనలోని వీడియోని టీవీకి మోసుకెళ్లదు. "ఫలానా వీడియో పెట్టు" అని టీవీకి కబురు మాత్రం పంపుతుంది. టీవీ ఆ వీడియోని ఇంటర్నెట్ నుంచి తనంతట తను తెచ్చుకుంటుంది. అక్కడి నుంచి ఫోన్ ఉత్త రిమోట్. బొమ్మా శబ్దమూ రెండూ టీవీలో పుడుతున్నాయి కాబట్టి, ఫోన్‌కి కలిసిన స్పీకరుకి ఆ శబ్దంతో సంబంధం లేదు. స్పీకరుని ఫోన్‌తో కాదు, టీవీతో కలపాలి.

దీన్ని చేయడం తేలికే కానీ ఒక చిక్కు ఉంది. స్పీకరు ఆన్ అవగానే పాత అలవాటు కొద్దీ ఫోన్‌కి అతుక్కుంటుంది. అలా అతుక్కుని ఉన్నంతసేపూ టీవీకి దొరకకపోవచ్చు. అందుకని ముందు ఫోన్‌లో బ్లూటూత్ ఆపాలి. స్పీకరు మీద బ్లూటూత్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లైటు వేగంగా మిణుకుతుంది. ఇప్పుడు టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. గూగుల్ టీవీ అయితే "Remotes & Accessories" అనే చోట, మిగతావాటిలో సౌండ్ సెట్టింగ్స్‌లో, కొత్త పరికరం కలిపే వీలు ఉంటుంది. స్పీకరు పేరు కనపడగానే ఎంచుకుంటే చాలు. చాలా టీవీల్లో స్పీకరు కలవగానే టీవీ సొంత శబ్దం ఆగిపోతుంది. మనకి కావాల్సిందీ అదే. బ్లూటూత్ లేని టీవీ అయితే, హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉందేమో వెనక చూడండి. అందులోంచి పొడుగాటి ఆక్స్ వైరు స్పీకరుకి లాగవచ్చు. వైరు గోడ వారగా రావాలి. చాప పక్కనుంచి వస్తే కాలికి తగులుకుంటుంది.

బ్లూటూత్‌లో శబ్దం సెకనులో చిన్న వంతు ఆలస్యంగా వస్తుంది. నెమ్మదిగా సాగే ఆసనాలకి అది తెలియనే తెలియదు. జుంబా, ఏరోబిక్స్ లాంటివి తాళానికి అడుగేస్తూ చేసేవాళ్లకి మాత్రం, తెర మీద కాలు ముందు పడి తాళం తర్వాత వినపడితే చికాకుగా ఉంటుంది. వాళ్లకి వైరే మంచిది.

స్పీకరు పెట్టే చోటు గురించి కొంచెం శ్రద్ధ కావాలి. నేల మీద, గోడ మూలన పెడితే నేలా గోడలూ కలిసి బరువైన ధ్వనిని పెంచేస్తాయి. గురువు గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. మూల నుంచి బయటికి తెచ్చి, జానెడు ఎత్తున్న పీట మీద పెట్టాం. ముఖం చెవివైపు ఉండాలి. ఇంకో సంగతి, మాట ఎటునుంచి వస్తే తల అటు తిరగాలని చూస్తుంది. అది మన చేతిలో లేదు. అందుకే స్పీకరుని పక్కన పెట్టకుండా చాపకి తల పెట్టే కొసన, టీవీవైపే, రెండున్నర అడుగుల దూరంలో పెట్టాం. చేతులు ముందుకి చాపినా తగలదు. బోర్లా పడుకున్నా, అక్కడే వెల్లకిలా తిరిగినా తల అటువైపే ఉంటుంది కాబట్టి రెండింటికీ దగ్గరే.

టీవీలోనో స్పీకరు ఆప్‌లోనో మాటని తేల్చి వినిపించే సెట్టింగ్ ఉంటే పెట్టండి. ఒక్కో టీవీలో ఒక్కో పేరు, స్పీచ్ అనో న్యూస్ అనో క్లియర్ వాయిస్ అనో ఉంటుంది. అది బరువైన ధ్వనిని తగ్గించి మాట ఉండే ధ్వనిని పైకి తెస్తుంది. వీడియో ఎంచుకునేటప్పుడు కూడా గురువు మాట్లాడుతున్నంతసేపూ వెనక వేణువో సితారో మోగుతూనే ఉండే వాటిని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. లేచి కూర్చుని వింటే హాయిగా ఉంటాయి. పడుకున్నవాళ్లకి ఆ సంగీతం మాటని మింగేస్తుంది.

సరిపోయిందో లేదో చూసుకునే పద్ధతి ఒకటే. ఫ్యాను రోజూ ఎంతలో పెడతారో అంతలో పెట్టండి. చాప మీద పడుకోండి, కళ్లు మూసుకోండి. ఇంట్లో ఇంకొకరిని వీడియోలో గురువు మెల్లగా మాట్లాడే చోటు పెట్టమనండి. ఊపిరి పీల్చమంటోందా, వదలమంటోందా అన్నది ప్రతిసారీ తడుముకోకుండా చెప్పగలిగితే చాలు. తర్వాత బోర్లా తిరిగి మకరాసనంలో ఒక చెవి చేతి మీద ఆనించి ఇంకోసారి వినండి. అప్పుడు కూడా తెలిస్తే ఇక వాల్యూమ్ ముట్టుకోనక్కర్లేదు. అమ్మ విషయంలో టీవీలో అంతకుముందు పెట్టుకునే దానికన్నా చాలా తక్కువ శబ్దంతోనే పని అయిపోయింది.

ఫోన్ నుంచి పంపడం దగ్గరికి మళ్లీ వస్తే, కాస్ట్ కాక ఇంకో పద్ధతి కూడా ఉంది. ఫోన్ తెర మొత్తాన్ని ఉన్నదున్నట్టు టీవీలో చూపించడం. మిర్రరింగ్ అంటారు. ఫోన్‌లో పైనుంచి కిందికి జరిపితే వచ్చే గుర్తుల్లో "Cast" అనో "Smart View" అనో ఉంటుంది, ఐఫోన్‌లో "Screen Mirroring" అని ఉంటుంది. ఇందులో పనంతా ఫోనే చేస్తుంది. ఫోన్ తెర ఆరకూడదు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, బొమ్మ అప్పుడప్పుడు తట్టుకుని ఆగుతుంది. అన్నిటికన్నా ఇబ్బంది, ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కాల్ టీవీ మీదికి వస్తుంది. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడి ఉండగా తెర మీద వియ్యపురాలి పేరు పెద్దగా కనపడితే నిలబడటం కష్టం. కాస్ట్ చేస్తే ఈ బాధ లేదు. కాల్ వస్తే ఫోన్ మోగుతుంది, వీడియో తన దారిన నడుస్తుంది. ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టి, ఆపడానికి అందేలా చాప పక్కన బోర్లించి పెట్టుకుంటే చాలు.

కాబట్టి యూట్యూబ్ వీడియోలకి ఎప్పుడూ కాస్టే. ఊళ్లోని యోగా మాస్టారు వాట్సాప్‌లో పంపిన వీడియో అయితే గూగుల్ ఫొటోస్ లాంటి కాస్ట్ గుర్తు ఉన్న ఆప్‌లో తెరవండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టండి. మిర్రరింగ్ తప్పనిసరిగా కావాల్సింది జూమ్‌లో జరిగే లైవ్ క్లాసులకి. అప్పుడు ఫోన్‌ని టీవీ కిందే, అడ్డంగా, చార్జింగ్ పెట్టి నిలబెట్టాలి. మాస్టారికి మనం కనిపించేది ఆ ఫోన్ కెమెరాతోనే కదా. మన మైకు ఆపి ఉంచాలి, లేకపోతే స్పీకరులో వచ్చిన ఆయన మాటే మళ్లీ ఆయనకి వెళ్లి గింగురుమంటుంది.

కాస్ట్ గుర్తు నొక్కితే టీవీ పేరు రాకపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉంటే తప్ప ఒకదానికొకటి కనపడవు. అమ్మ ఇంట్లో అదే జరిగింది. నెట్ వాళ్లు కొత్త బాక్సు పెట్టి వెళ్లారు. పాత రూటరుని తీసేయకుండా దానికే తగిలించి వదిలేశారు. అమ్మ ఫోన్ కొత్తదానికి కలిసింది. టీవీ పాతదానికే కలిసి ఉంది. రెండింటిలోనూ ఇంటర్నెట్ చక్కగా వస్తోంది, అందుకే అనుమానం రాలేదు. ఒకే ఇంట్లో ఉన్నా అవి రెండు వేరు వేరు వీధుల్లో ఉన్నట్టు. కనిపెట్టడం సులువు. ఫోన్‌లో వైఫై పేరు చూసి, టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పేరు చూసి పోల్చాలి. టీవీని కొత్తదానికి కలపగానే పేరు వచ్చేసింది. పేర్లు ఒకటే అయినా రాకపోతే, ఫోన్‌లో వీపీఎన్ ఏదైనా నడుస్తోందేమో, టీవీ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. ఐఫోన్‌లో అయితే ఆ ఆప్‌కి "Local Network" అనుమతి ఇచ్చి ఉండాలి.

ఎన్ని చేసినా కలవని ఇంట్లో కూడా ఒక దారి ఉంది. టీవీలో యూట్యూబ్ తెరిచి సెట్టింగ్స్‌లో "Link with TV code" ఎంచుకుంటే తెర మీద అంకెలు వస్తాయి. ఫోన్ యూట్యూబ్ సెట్టింగ్స్‌లో "Watch on TV" దగ్గర "Enter TV code" నొక్కి ఆ అంకెలు వేస్తే రెండూ కలిసిపోతాయి. దీనికి ఒకే వైఫై అక్కర్లేదు. ఫోన్ మొబైల్ డేటాలో ఉన్నా పనిచేస్తుంది.

ఇక బొమ్మ. అమ్మ హాల్లో టీవీ మధ్యభాగం నేలకి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంది. సోఫాకి, టీవీకి మధ్య ఉన్న జాగాలో, టీవీకి సమాంతరంగా చాప వేసేది. గోడ నుంచి నాలుగడుగులే దూరం. పడుకుంటే టీవీ కుడి పక్కకి వచ్చేది. వీడియోలో గురువుని పక్కనుంచి చూపిస్తారు కాబట్టి మనమూ అలాగే పడుకోవాలనిపిస్తుంది. అలా పడుకుంటే భుజంగాసనంలోనూ తల పక్కకి తిరుగుతుంది, సేతుబంధంలోనూ తిరుగుతుంది.

చాపని తొంభై డిగ్రీలు తిప్పి, పొట్టి అంచు టీవీవైపు ఉండేలా వేశాం. టీపాయ్ వరండాలోకి వెళ్లింది, సోఫా గోడకి జరిగింది, చాప ముందంచు టీవీ గోడకి ఏడడుగుల దూరానికి వెళ్లింది. ఈ దూరంతో ఎంత తేడా వస్తుందో చెబుతాను. భుజంగాసనంలో కళ్లు నేలకి అడుగూ పావు ఎత్తులో ఉంటాయి. నాలుగడుగుల దూరం నుంచి ఆ టీవీ మధ్యభాగం చూడాలంటే చూపు దాదాపు 39 డిగ్రీలు పైకి లేవాలి. వెన్ను అప్పటికే వంగి ఉంది, దానిమీద మెడ ఇంకా వెనక్కి విరగాలి. ఏడడుగుల దూరం నుంచి అయితే 25 డిగ్రీలు. ఆ ఆసనంలో మామూలుగా ముందుకీ పైకీ చూసే చూపుకి అది దగ్గరగానే ఉంటుంది. గోడకి కొత్తగా రంధ్రం వేయకుండానే ఇంత తగ్గింది.

టీవీని కిందికి వంచే బ్రాకెట్ గురించి చాలామంది అడుగుతారు. వంచితే బొమ్మ రంగు మెరుగ్గా కనపడుతుంది, ట్యూబ్‌లైటు మెరుపు తగ్గవచ్చు. కానీ టీవీ ఉన్న ఎత్తు మారదు కదా, మెడ ఎత్తాల్సింది అంతే ఉంటుంది. కొత్తగా టీవీ బిగించుకుంటున్నవాళ్లు, ఇంట్లో యోగా చేసేవాళ్లు ఉంటే మధ్యభాగం మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో ఉండేలా చెప్పి బిగించుకోండి. సోఫాలో కూర్చుని సినిమా చూసేవాళ్లకీ అదే హాయి.

త్రికోణాసనానికి మాత్రం ఈ చాప వాటం కుదరలేదు. టీవీకి ఎదురుగా నిలబడి కాళ్లు మూడడుగులు ఎడం పెట్టాలి. రెండడుగుల వెడల్పు చాపలో ఒక పాదం టైల్స్ మీదికి పోతుంది, అక్కడ జారుతుంది. అందుకని నిలబడి చేసేవాటికి చాప అడ్డంగా, కూర్చోవడం మొదలుపెట్టే ముందు నిలువుగా. తిప్పడానికి అరనిమిషం. ఎక్కడ వేయాలో రోజూ వెతుక్కోకుండా నేల మీద రెండు చోట్లా కాగితపు టేపు ముక్కలు అంటించాను. పీట ఎక్కడ పెట్టాలో అక్కడా ఒకటి.

కుడి ఎడమల గందరగోళం కూడా అమ్మకి ఉండేది. గురువు మనవైపు తిరిగి "కుడిచెయ్యి" అంటూ తన కుడిచెయ్యి ఎత్తితే అది తెర మీద మనకి ఎడమవైపు కనపడుతుంది. కొందరు చూసేవాళ్ల సౌకర్యం కోసం "కుడి" అంటూ తమ ఎడమ చెయ్యి ఎత్తుతారు. కొన్ని వీడియోలు అద్దంలోలా తిప్పి పెట్టి ఉంటాయి, గురువు చొక్కా మీద అక్షరాలు తిరగబడి ఉంటే అదన్నమాట. ఏ వీడియో ఏ పద్ధతో మొదటిసారే చూసుకోవాలి. ఆ తర్వాత చెవికి వినపడిన మాట ప్రకారం చేయాలి. మాట స్పష్టంగా వినపడటం మొదలయ్యాక అమ్మ ఈ విషయంలో తడబడటం తగ్గింది.

మిగిలింది చివరి ఐదు నిమిషాలు. శవాసనంలో గురువు మాట ఆగుతుంది, మెల్లగా వీడియో అయిపోతుంది, మరుక్షణం ఇంకేదో వీడియో పెద్ద చప్పుడుతో మొదలవుతుంది. లేదా మధ్యలో ప్రకటన దూరుతుంది. ఇప్పుడు స్పీకరు తలకి రెండున్నర అడుగుల దూరంలో ఉంది కాబట్టి ఆ చప్పుడు గుండె అదిరేలా ఉంటుంది. దగ్గర స్పీకరు పెట్టుకున్నవాళ్లు ఇది తప్పక సరిచేసుకోవాలి. యూట్యూబ్‌లో "Autoplay" ఆపేయాలి. ప్రకటనలు మన చేతిలో ఉండవు కాబట్టి, శవాసనం మొదలవగానే అమ్మని వీడియో ఆపేయమన్నాను. ఆ ఐదు నిమిషాలకి గురువు చెప్పే నాలుగు మాటలూ అమ్మకి ఎప్పుడో కంఠతా వచ్చేశాయి. ఫోన్‌లో ఐదు నిమిషాల టైమరు, మెల్లగా మోగే గంట చప్పుడుతో పెట్టాను.

నేను హైదరాబాద్ వచ్చేసి రెండు నెలలు అవుతోంది. మెడ నొప్పి తగ్గింది. డాక్టరు చెప్పిన వ్యాయామాలు కూడా చేస్తోంది కనుక అంతా చాప తిప్పడం వల్లే అని నేను అనను. నిన్న ఫోన్ చేసినప్పుడు అడిగాను, సేతుబంధంలో టీవీ వైపు చూస్తున్నావా అని.

"అది తల వెనకాల ఉంది కదే, ఎలా చూస్తాను? ఫ్యాను చూస్తూ చేస్తున్నాను. రెక్కల మీద దుమ్ము పేరుకుంది, వచ్చినప్పుడు తుడుద్దువుగాని."